మూడు లక్షల మూతలు చేస్తే గోడౌన్‌లో రెండు లక్షలు కూడా ఎందుకు కనపడవు?

విజయవాడ దగ్గర పచ్చళ్లు ప్యాక్ చేసే ఒక ఫ్యాక్టరీలో నేను కొన్నాళ్లు ప్రొడక్షన్ ప్లానింగ్ చూశాను. డబ్బాలు బయట కొనేవాళ్లం. మూతలు మాత్రం అక్కడే, పక్క షెడ్డులో ఉన్న ఇంజెక్షన్ మోల్డింగ్ మెషిన్ మీద పోసుకునేవాళ్లం. ఒకసారి ఎర్ర మూతల అచ్చు, అంటే డై, మెషిన్ మీదికి ఎక్కిస్తే మూడు లక్షల మూతలు వచ్చేదాకా దించకూడదని నిర్ణయం. అందుకని ఓనరుగారు మూడు లక్షల మూతలు పట్టేలా ర్యాకులు కొట్టించారు.

బ్యాచ్ పూర్తయిన రోజు సాయంత్రం ఆయన స్టోర్స్‌లోకి వచ్చి చూస్తే మూడో వంతు ర్యాకులు ఖాళీ. లెక్క పెట్టిస్తే 1,92,000 మూతలు తేలాయి. "ఏమయ్యా, మూడు లక్షలు పోశామని షెడ్డువాళ్లు రాశారు. మిగతా లక్ష ఎటు పోయినట్టు?" అని స్టోర్స్ చూసే ఆయన మీద గొంతు పెంచారు. ఆయన తడబడుతూ, "ప్యాకింగ్‌కి రోజూ ఇస్తూనే ఉన్నాం కదండీ" అన్నాడు. ఒక్క ముక్కలో సరైన జవాబు అదే. కానీ ఆ పూట ఎవరూ నమ్మలేదు. రెండు రోజుల పాటు ఇష్యూ స్లిప్పులన్నీ తిరగేశారు.

దొంగతనమేమీ జరగలేదు. బ్యాచ్ నడిచిన పదిహేను రోజులూ ప్యాకింగ్ లైన్ రోజుకు 7,200 మూతలు వాడింది. పదిహేను ఏడువేల రెండువందలు 1,08,000. మూడు లక్షల్లోంచి అది తీసేస్తే మిగిలేది సరిగ్గా 1,92,000. (అంకెలను ఇక్కడ లెక్కకు వీలుగా కాస్త గుండ్రం చేశాను. వరస మాత్రం అదే.)

ఫ్యాక్టరీ తను చేసుకున్న సరుకును చేస్తూండగానే వాడుకుంటే ఒకేసారి ఎంత చేయడం మంచిదన్న ప్రశ్నకు ఒక సూత్రం ఉంది. దాన్ని ఎకనామిక్ ప్రొడక్షన్ క్వాంటిటీ అంటారు, పొట్టిగా ఈపీక్యూ. బయట కొనే సరుకును ఒకేసారి ఎంత తెప్పించాలో చెప్పే సూత్రం ఎకనామిక్ ఆర్డర్ క్వాంటిటీ, అంటే ఈఓక్యూ. కాలేజీలో ఈపీక్యూని దానికి తోకలాగా ఒక పేజీలో చెప్పి ముగిస్తారు. సూత్రం బట్టీ పట్టినవాళ్లు కూడా ఆ రోజు ఓనరుగారు అడిగినట్టే అడుగుతారు. ఎందుకంటే అందులో అసలు పని చేసే ముక్క చిన్నది, కుడి చివర బ్రాకెట్లో దాక్కుని ఉంటుంది.

పెళ్లిలో గారెలు వేయించే చోటు గుర్తు తెచ్చుకోండి. మూకుడులోంచి గారెలు దిగుతూనే ఉంటాయి, పంక్తిలోకి బుట్టలు వెళ్తూనే ఉంటాయి. పొద్దుటినుంచీ రెండువేల గారెలు వేసి ఉండొచ్చు. ఏ క్షణాన చూసినా వంటశాలలో రెండువేలు ఉండవు. పొయ్యి వేగానికీ వడ్డన వేగానికీ ఉన్న తేడా ఎంతో, గంపలో పోగయ్యేది అంతే. మన మూతల సంగతీ ఇదే. మెషిన్ రోజుకు 20,000 మూతలు పోస్తుంది. దీన్ని p అందాం. ప్యాకింగ్ రోజుకు 7,200 వాడుతుంది. ఇది d. బ్యాచ్ నడిచే రోజుల్లో స్టాక్ రోజుకు పెరిగేది 12,800 మాత్రమే. డై దించిన మర్నాటినుంచి రోజుకు 7,200 చొప్పున తగ్గుతుంది.

కాగితం మీద గీస్తే ఇది ఏటవాలుగా ఎక్కి, ఇంకాస్త తక్కువ వాలుతో దిగే త్రిభుజం. పదిహేను రోజులు ఎక్కుతుంది, సుమారు ఇరవై ఆరున్నర రోజులు దిగుతుంది. మొత్తం చక్రం నలభై రెండు పనిదినాలకు కొంచెం తక్కువ. త్రిభుజం కొన ఎత్తు బ్యాచ్ సైజు కాదు. బ్యాచ్ సైజును (1 − d/p) తో గుణిస్తే వచ్చేది. మన కేసులో d/p అంటే 0.36, కాబట్టి ఆ గుణకం 0.64. మూడు లక్షల్లో 64 శాతం, అదే 1,92,000. సగటు స్టాక్ అందులో సగం, 96,000.

ఇక ఖర్చుల సంగతి. ఒక వైపు బ్యాచ్ మొదలుపెట్టిన ప్రతిసారీ అయ్యే ఖర్చు, అంటే సెటప్. దీన్ని కళ్లారా చూస్తే తప్ప ఆ అంకె ఎందుకంత ఉంటుందో అర్థం కాదు. పాత డైని చెయిన్ బ్లాక్‌తో లేపి దించాలి. కొత్త డై ఎక్కించి, బోల్టులు బిగించి, చల్లనీళ్ల పైపులు తగిలించాలి. ప్లాస్టిక్ కరిగే బారెల్ వేడెక్కేదాకా ఆగాలి. అంతకు ముందు ఆకుపచ్చ మూతలు పోసి ఉంటే ఆ రంగు మొత్తం పోయేదాకా ప్లాస్టిక్‌ను ముద్దలు ముద్దలుగా బయటికి కక్కించాలి. ఆ తర్వాత కూడా మొదటి కొన్ని వందల మూతలు అంచు నిండకో, రంగు చారలుగానో వస్తాయి. ఆహారానికి తగిలే మూతలు కాబట్టి వాటిని మేం మళ్లీ గ్రైండ్ చేసి వాడేవాళ్లం కాదు. పారబోసిన సరుకు 1,500 రూపాయలు, కరెంటు 750, ఫిట్టరు, హెల్పర్ల కూలి 1,750. వెరసి ఒక్కో సెటప్‌కు 4,000 రూపాయలు. దీన్ని K అందాం.

రెండో వైపు స్టాక్‌ను ఉంచుకున్నందుకు అయ్యే ఖర్చు. మూత తయారీకి రూపాయిన్నర అయింది. ఆ డబ్బు మీద బ్యాంకు వడ్డీ, గోడౌన్ అద్దె, దుమ్ము పట్టి, వంకరపోయి పారేసేవి, అన్నీ కలిపి ఏడాదికి 20 శాతం అనుకుంటే మూతకు ఏడాదికి 30 పైసలు. ఇది h. ఏడాదికి 300 పనిదినాలు, కాబట్టి ఏడాది వాడకం D 21,60,000 మూతలు.

పెద్ద బ్యాచ్ పోస్తే డై మార్పులు తగ్గుతాయి, స్టాక్ పెరుగుతుంది. చిన్న బ్యాచ్ పోస్తే తిరగబడుతుంది. బ్యాచ్ సైజును Q అందాం. ఏడాది మొత్తం ఖర్చు ఇలా ఉంటుంది:

```
ఖర్చు = K × D/Q  +  h × (Q/2) × (1 − d/p)
```

ఈ రెండు ముక్కలూ సమానమైన చోట ఖర్చు అతి తక్కువ. అక్కడినుంచి Q తీస్తే సూత్రం వస్తుంది:

```
Q = √( 2DK / ( h × (1 − d/p) ) )
```

అంకెలు వేస్తే Q సరిగ్గా 3,00,000. ఏడాదికి సగటున 7.2 సార్లు డై ఎక్కించాలి, దానికి 28,800 రూపాయలు. సగటు స్టాక్ 96,000 మూతలు, 30 పైసల చొప్పున అదీ 28,800. మొత్తం 57,600. రెండు వైపులా ఒకే అంకె రావడం కాకతాళీయం కాదు. మీ ఫ్యాక్టరీలో ఈ లెక్క వేసినప్పుడు ఆ రెండూ సమానం కాకపోతే ఎక్కడో గుణకారం తప్పిందని అర్థం. ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే p ని రోజుకూ, d ని నెలకూ తీసుకోవడం. D ఏడాదిదైనా పర్వాలేదు, h కూడా ఏడాదిదే అయితే చాలు. p, d మాత్రం ఒకే కొలతలో ఉండాలి.

అదే మూతలను బయట కొని, లారీలో అన్నీ ఒకేసారి దింపించుకుంటే బ్రాకెట్లోని ముక్క ఉండదు, ఈఓక్యూ వస్తుంది. 4,000 రూపాయలే ఒక్కో ఆర్డరు ఖర్చనుకుంటే అది 2,40,000. ఒక చిన్న తమాషా చెప్పాలి. ఈఓక్యూని ఇప్పుడు అందరూ కొనుగోలు సూత్రంగానే నేర్చుకుంటారు. 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికన్ ఇంజనీరు దాన్ని రాసింది మాత్రం ఫ్యాక్టరీలో ఒకేసారి ఎన్ని భాగాలు చేయాలన్న ప్రశ్నకు జవాబుగా. ఆయన సరుకు అంతా ఒకేసారి చేతికొస్తుందన్నట్టు లెక్క వేశాడు. చేస్తూండగా వాడుకుంటే స్టాక్ అంత పైకి పోదన్న సవరణను 1918లో ఈ.డబ్ల్యూ. టాఫ్ట్ చేర్చాడు. మనం మాట్లాడుకుంటున్న చిన్న బ్రాకెట్ ఆయనదే.

మరి ఎవరైనా ఈపీక్యూ బదులు ఈఓక్యూ వాడి 2,40,000 చొప్పున పోయిస్తే ఎంత నష్టం? చెబితే నిరాశపడతారు. డై మార్పులు తొమ్మిది, 36,000 రూపాయలు. స్టాక్ ఖర్చు 23,040. మొత్తం 59,040. మంచి లెక్కతో పోలిస్తే ఏడాదికి 1,440 రూపాయలు ఎక్కువ, అంతే. ఈ ఖర్చు గీత అడుగున పళ్లెంలా చదునుగా ఉంటుంది. బ్యాచ్ రెండింతలు చేసినా, సగానికి కోసినా ఖర్చు పెరిగేది 25 శాతమే. కాబట్టి సూత్రం 2,97,416 అని చెప్పినప్పుడు మూడు లక్షలు పోయించడానికి సంకోచించనక్కర్లేదు. ప్లానింగ్ మీటింగుల్లో ఆఖరి మూడు అంకెల గురించి కొట్లాడుకోవడం నేను చూశాను. ఆ టీ ఖర్చు కూడా రాదు.

బ్రాకెట్‌ను పట్టించుకోకపోతే గట్టిగా దెబ్బ తగిలేది ఇంకోచోట, స్థలం దగ్గర. మూడు లక్షలకు ర్యాకులు కొట్టించి రెండు లక్షల లోపు వాడారు. ఎంత డబ్బు సరుకులో చిక్కుకుంటుందో బ్యాంకుకు చెప్పేటప్పుడు కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. మూడు లక్షల మూతలంటే నాలుగున్నర లక్షల రూపాయలని రాస్తారు. నిజానికి స్టాక్ విలువ ఏ రోజూ 2,88,000 రూపాయలు దాటదు.

d/p గురించి ఇంకో మాట. ఇది స్టాక్ ఎత్తును తగ్గించే అంకె మాత్రమే కాదు. మెషిన్ సమయంలో ఎర్ర మూతలు ఎంత భాగం తినేస్తాయో చెప్పేదీ అదే. పనిదినాల్లో 36 శాతం మెషిన్ ఈ డైకే అంకితం. p చాలా ఎక్కువైతే d/p సున్నాకు దగ్గరై, సూత్రం ఈఓక్యూలా మారిపోతుంది. లారీ వచ్చి ఒక్కసారి దింపినట్టే. p తగ్గి d దగ్గరికి వస్తే బ్రాకెట్ సున్నాకు జారుతుంది, Q అనంతం వైపు పరుగెడుతుంది. భయపడాల్సిందేమీ లేదు. వాడినంతే పోసే మెషిన్‌ను ఆపడం ఎందుకు, డై దించవద్దు అని చెబుతోంది. స్టాక్ పెరగదు కాబట్టి ఉంచుకునే ఖర్చూ లేదు.

ఇందులో ఏ p పెట్టాలన్నది తేలిగ్గా తీసుకోవద్దు. మా డైలో మూతలు తయారయ్యే గుంటలు ఎనిమిది, ఒక్కో షాటుకు, అంటే ఎనిమిదీ ఒకసారి పోయడానికి, 20 సెకన్లు. గంటకు 1,440 మూతలు, రెండు షిఫ్టుల పదహారు గంటలకు 23,040. మెషిన్ అమ్మినవాళ్లు చెప్పే అంకె ఇదే. కరెంటు పోవడం, గ్రాన్యూల్స్ అయిపోవడం, రిజెక్టులు అన్నీ పోగా మంచి మూతలు 20,000. 23,040 పెట్టి లెక్క వేసినా Q పెద్దగా మారదు, సుమారు 2,89,000 వస్తుంది. దెబ్బ తగిలేది క్యాలెండర్‌కు. మూడు లక్షలు పదమూడు రోజుల్లో అయిపోతాయని తర్వాతి డైకి తారీఖు ఇచ్చేస్తారు. అయ్యేది పదిహేను రోజులకు. ఆ రెండు రోజులు వేరే మూత కోసం లైన్ ఎదురుచూస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిక్కు. సూత్రంలో ఎక్కడా రాయని ఒక షరతు ఉంది. మెషిన్‌లోంచి దిగిన మూత వెంటనే ప్యాకింగ్‌కు వెళ్లగలగాలి. మా దగ్గర కొన్ని నెలలు అలా జరగలేదు. ఒకసారి మూతలు బిగుతు చాలక డబ్బాల్లోంచి నూనె కారింది. దాంతో క్వాలిటీ వాళ్లు కొత్త రూలు పెట్టారు. బ్యాచ్ మొత్తం పూర్తయ్యాక శాంపిల్స్ తీసి, కొలిచి, సంతకం పెడితేనే ఆ బ్యాచ్‌లోని మూతలు బయటికి కదలాలి. వినడానికి బాగానే ఉంది. కానీ చేస్తూ వాడటం అన్నది అక్కడితో ఆగిపోయింది.

ఏం జరుగుతుందో చూడండి. కొత్త బ్యాచ్ పోస్తున్న పదిహేను రోజులూ ప్యాకింగ్ పాత మూతలతో బతకాలి. అంటే కొత్త బ్యాచ్ మొదలయ్యే నాటికి పదిహేను రోజుల పాత స్టాక్ ఉండాలి. పాతది తగ్గుతూంటే, తాళం వేసిన జాలీ వెనక కొత్తది పెరుగుతూ ఉంటుంది. సంతకం పడిన రోజున పాతది సున్నా, కొత్తది పూర్తి బ్యాచ్. ఈసారి మూడు లక్షలు పోస్తే నిజంగానే మూడు లక్షలూ గోడౌన్‌లో కనపడతాయి. ఓనరుగారి ర్యాకులు తొలిసారి నిండాయి. ఆయన సంతోషించారు కూడా.

సగటు స్టాక్ లెక్క వేస్తే, చేతికొచ్చాక వాడేదాకా ఉన్న మూతలు సగటున Q/2. పోస్తూండగా జాలీ వెనక పోగవుతున్నవి మరో (Q/2) × (d/p). రెండూ కలిపితే (Q/2) × (1 + d/p). అంటే బ్రాకెట్లో మైనస్ ఉన్న చోట ప్లస్ వచ్చి కూర్చుంది. ఒక్క గుర్తు మారింది, లెక్కంతా తలకిందులైంది. 0.64 కాస్తా 1.36 అయింది. మంచి బ్యాచ్ మూడు లక్షలనుంచి సుమారు 2,06,000కి పడిపోతుంది, ఈఓక్యూ కన్నా కూడా కిందికి. అంత జాగ్రత్తగా తగ్గించుకున్నా ఏడాది ఖర్చు 57,600 నుంచి సుమారు 84,000కి ఎక్కుతుంది. ఆ ఒక్క రూలు విలువ ఏడాదికి 26,000 రూపాయలు. అది కూడా ఒక్క రంగు మూతకు.

కాబట్టి ఏ పుస్తకంలో ఈపీక్యూ కనపడినా మీ షెడ్డులోకి వెళ్లి ముందు అడగాల్సింది D ఎంత, K ఎంత అని కాదు. దిగిన సరుకు ఎప్పుడు వాడనిస్తారు అని. మందుల కంపెనీల్లో బ్యాచ్ మొత్తానికి ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఏదీ కదలదు. అక్కడ మైనస్ బ్రాకెట్ వాడితే లెక్క మొదట్లోనే తప్పు.

మా సంగతి చివరికి సర్దుకుంది. క్వాలిటీ ఆవిడతో కూర్చుని మాట్లాడాం. ఆవిడకు కావాల్సింది బ్యాచ్ పూర్తవడం కాదు. మూత చల్లబడి కుంచించుకోవడం ఆగాక కొలవాలి, అంతే. దానికి ఒక రోజు చాలన్నారు. అప్పటినుంచి ఏ రోజు పోసిన పెట్టెలకు ఆ రోజు చీటీ అంటించి, మర్నాడు శాంపిల్ కొలిచి, ఆ రోజు సరుకును మాత్రం విడుదల చేయడం మొదలైంది. ఇలా ప్రతి మూతా ఒక రోజు ఆగితే అదనంగా ఉండే స్టాక్ ఒక రోజు వాడకం, 7,200 మూతలు. ఏడాదికి 2,160 రూపాయలు. బ్యాచ్ సైజు మళ్లీ మూడు లక్షలే, ఎందుకంటే ఆ ఒక్క రోజు ఆగడానికీ బ్యాచ్ పెద్దదా చిన్నదా అన్నదానికీ సంబంధం లేదు. అడిగిన పరీక్ష అదే, జరిగే పరీక్ష అదే. 26,000 పోయి రెండు వేల చిల్లర అయింది.

ఇంతవరకూ మెషిన్ ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుందన్నట్టు మాట్లాడాను. అలా దొరికే ఫ్యాక్టరీ అరుదు. మా మెషిన్ మీదే చిన్న సైజు డబ్బాల ఆకుపచ్చ మూత 30 శాతం, లోపలి చెంచా 20 శాతం సమయం తీసుకునేవి. ఎర్రమూత 36తో కలిపితే 86. మిగిలిన 14 శాతంలో డై మార్పులు, రిపేర్లు, పండగ సెలవులకు ముందు హడావిడి అన్నీ సరిపోవాలి. ఒక్కో వస్తువుకు విడిగా ఈపీక్యూ వేస్తే ఎర్రమూతకు 42 రోజుల చక్రం, ఆకుపచ్చకు 30, చెంచాకు 55 అనుకుందాం. ఒక్కొక్కటీ దాని మటుకు అది ఒప్పే. మూడింటినీ ఒకే క్యాలెండర్ మీద వేస్తే ఏదో ఒక వారంలో రెండు డైలకు ఒకే మెషిన్ కావాల్సి వస్తుంది.

ఈ ముడి సామాన్యమైనది కాదు. 1958లో జాక్ రోజర్స్ దీన్ని లెక్కగా ముందుకు తెచ్చాడు. అప్పటినుంచీ దీని మీద పరిశోధన సాగుతూనే ఉంది, ఏ కేసుకైనా చటుక్కున ఉత్తమ జవాబు ఇచ్చే సూత్రం లేదు. చిన్న ఫ్యాక్టరీకి పనికొచ్చే దారి ఒకటుంది. అన్నిటికీ ఒకే చక్రం పెట్టడం. ఎర్ర, ఆకుపచ్చ, చెంచా, మళ్లీ ఎర్ర. ఆ చక్రం ఎన్నాళ్లన్నది కూడా పాత పద్ధతిలోనే వస్తుంది. అన్ని సెటప్ ఖర్చులనూ కలిపి పైన, అన్నిటి ఉంచుకునే ఖర్చులనూ కలిపి కింద పెట్టాలి. వచ్చిన చక్రం ఎంతైనా, ఎర్రమూతల డై లేని రోజులన్నీ గడవడానికి సరిపడా స్టాక్ డై దించేటప్పటికి ఉందా లేదా అని చూడాలి. 42 రోజుల చక్రంలో అది దాదాపు 27 రోజులు, అందుకు కావాల్సింది 1,92,000. త్రిభుజం కొన ఎత్తు మళ్లీ ఇక్కడ పలకరించింది.

K గురించి కూడా నా అభిప్రాయం చెప్పాలి. పైన 4,000లో 1,750 కూలి ఉంది. మెషిన్‌కు ఖాళీ ఉండి, ఫిట్టరుకు నెల జీతం ఎలాగూ ఇస్తూంటే, ఇంకో డై మార్పు చేసినందుకు ఆ డబ్బు కొత్తగా జేబులోంచి పోదు. నిజంగా పోయేది 2,250. అది పెట్టి లెక్క వేస్తే బ్యాచ్ 2,25,000కి తగ్గుతుంది. అదే మెషిన్ పూర్తిగా నిండిపోయి ఉంటే సంగతి వేరు. అప్పుడు ప్రతి డై మార్పూ కొన్ని వేల మూతల ఉత్పత్తిని మింగేస్తుంది, K నిజంగా 4,000 కన్నా చాలా ఎక్కువ. అకౌంట్స్ వాళ్లిచ్చిన K ని ఏ ప్రశ్నా లేకుండా తీసుకున్న చోట నేను సరైన బ్యాచ్ సైజు చూడలేదు.

ఇంకా మంచిది K నే కోయడం. అది వర్గమూలం లోపల ఉంది కాబట్టి నాలుగో వంతుకు తగ్గిస్తే బ్యాచ్ సగమవుతుంది, ఏడాది ఖర్చూ సగమవుతుంది. మనకైతే 1,50,000, 28,800 రూపాయలు. జపాన్‌లో షిగియో షింగో టయోటా వాళ్ల వెయ్యి టన్నుల ప్రెస్సు మీద నాలుగు గంటలు పట్టే డై మార్పును ముందు గంటన్నరకు, చివరికి మూడు నిమిషాలకు తెచ్చాడు. మేం అంత దూరం పోలేదు. కొత్త డైని ముందే బయట వేడిచేసి ఉంచడం, లేత రంగునుంచి ముదురు రంగుకే మారడం, ఈ రెంటితోనే కక్కించే ప్లాస్టిక్ సగానికి తగ్గింది.

స్టోర్స్ చూసే ఆయన మాత్రం ఆ రోజు మాట మరిచిపోలేదు. తన బల్ల వెనక గోడకు గళ్ల కాగితం అంటించి త్రిభుజం గీశాడు. డై ఎక్కినప్పటినుంచి ఎన్నో రోజైతే అన్ని 12,800లు. రోజూ సాయంత్రం లెక్కపెట్టి ఎర్ర చుక్క పెట్టేవాడు. ఒక బ్యాచ్‌లో తొమ్మిదో రోజు గీత మీద 1,15,200 ఉండాల్సింది, చుక్క 1,02,700 దగ్గర పడింది. షెడ్డువాళ్లు అంతా బాగానే నడుస్తోందన్నారు. నిజమే, మెషిన్ ఆగలేదు. కానీ చుక్కలు నాలుగో రోజు వరకు గీత మీదే ఉండి, ఐదో రోజునుంచి వాలు మార్చుకున్నాయి. రోజుకు 12,800 బదులు 10,300. తేడా 2,500, అంటే 20,000లో సరిగ్గా ఎనిమిదో వంతు. ఆయన కాగితం చేత్తో పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, "డైలో ఒక గుంట మూసుకుపోయి ఉంటుంది, చూడండి" అన్నాడు. నాలుగో రోజు రాత్రి షిఫ్టువాళ్లు అంచు నిండని మూతలొస్తున్నాయని ఒక గుంటను మూసేసి, రిజిస్టరులో రాయడం మరిచిపోయారట.